బెంగళూరు సిటీ బస్సులో ఎక్కినప్పటి నుంచి దిగేదాకా: తెలుగువారికి కావలసిన కన్నడ మాటలు

హైదరాబాదు నుంచి రాత్రి బయలుదేరిన బస్సు తెల్లవారుజామున హెబ్బాళ దగ్గర దింపేస్తుంది. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వచ్చేది కె.ఆర్.పురం మీదుగా ఊళ్ళోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి ఇంటికో, హాస్టలుకో, ఆఫీసుకో చేరాలంటే బి.ఎం.టి.సి. సిటీ బస్సు ఎక్కాలి. బెంగళూరులో తెలుగు తెలిసినవారు చాలామంది ఉన్నారు, కండక్టర్లలోనూ ఉన్నారు. అయినా రద్దీగా ఉన్న బస్సులో మన మాట విని జవాబు చెప్పడానికి ఎదుటివారికి దొరికే వ్యవధి రెండు మూడు క్షణాలే కాబట్టి, ఆ క్షణంలో వారి భాషలో రెండు ముక్కలు అనగలిగితే పని సులువవుతుంది. ఈ వ్యాసంలో ఆ ముక్కలను బస్సు ప్రయాణం సాగే క్రమంలోనే చెబుతాను. కన్నడ మాటలన్నిటినీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, ఉన్నవి ఉన్నట్టుగా పలికితే చాలు. ‘గె’, ‘తె’ వంటి చోట్ల ఎకారం హ్రస్వమని మాత్రం గుర్తుంచుకోవాలి.

ముందుగా పట్టుకోవలసిన మూడు కీలకాలు

మొదటిది మర్యాద. తెలుగులో ‘ఇవ్వు’కు ‘అండి’ చేర్చి ‘ఇవ్వండి’ అంటాం. కన్నడంలో చివరి ఉకారం ఇకారమైతే చాలు: కొడు అంటే ఇవ్వు, కొడి అంటే ఇవ్వండి. అదే విధంగా బిడు–బిడి (వదలండి), హేళు–హేళి (చెప్పండి), హోగు–హోగి (వెళ్ళండి), నిల్సు–నిల్సి (ఆపండి). బస్సులో ఎవరితోనైనా ఇకారంతోనే మాట్లాడాలి. తొందరలో ‘జాగ బిడు’ అనేస్తే అది మన ‘జరుగు’ అన్నంత మొరటుగా వినిపిస్తుంది. కండక్టరును సార్ అనీ, కండక్టరు మహిళ అయితే మేడమ్ అనీ పిలవడం మేలు. తోటి ప్రయాణికులను అణ్ణ, అక్క అని పిలిస్తే ఎవరూ తప్పు పట్టరు.

రెండవది ‘కి’, ‘కు’ అనే విభక్తి. కన్నడంలో ఇది ‘గె’ గానో ‘క్కె’ గానో వస్తుంది. ఊరి పేరు అకారంతో ముగిస్తే ‘క్కె’ చేరుతుంది: హెబ్బాళ–హెబ్బాళక్కె, జయనగర–జయనగరక్కె. ఇకారంతోనో ఇంగ్లీషు హల్లుతోనో ముగిస్తే ‘గె’ చేరుతుంది: మారతహళ్ళిగె, మెజెస్టిక్‌గె. పొరపాటున ఒకదాని బదులు మరొకటి వాడినా అర్థమవుతుంది, కాబట్టి దీని గురించి తడబడి ఆగిపోవద్దు.

మూడవది జ్ఞాపకానికి పనికివచ్చే ఒక శబ్ద సూత్రం. తెలుగులో ప ఉన్నచోట కన్నడంలో తరచుగా హ ఉంటుంది. మన పాలు వారికి హాలు, మన పల్లె వారికి హళ్ళి, మన పోవు వారికి హోగు. తెలుగులో వ ఉన్నచోట కన్నడంలో బ ఉంటుంది, అందుకే మన విడు వారికి బిడు అయింది. మారతహళ్ళి, కాడుబీసనహళ్ళి అని వినిపించినప్పుడు చివర ఉన్నది పల్లె అని తెలిస్తే, ఊరి పేర్లు అంతు తెలియని శబ్దాలుగా కాక మాటలుగా చెవికెక్కుతాయి. ఈ సూత్రం అన్నిచోట్లా చెల్లదు గానీ బస్సుకు కావలసిన పదాలలో బాగానే చెల్లుతుంది.

మొదటి అడుగు: ఎక్కే ముందు అడగడం

బోర్డు మీద రూటు నంబరుతో పాటు పేర్లు కన్నడంలో ఉంటాయి. తెలుగు చదవగలిగినవారికి కన్నడ అక్షరాలు చాలావరకు పరిచయమైనవిగానే కనిపిస్తాయి. మన తలకట్టు టిక్కు గుర్తులా ఉంటే, వారిది అడ్డగీతలా ఉంటుంది. ఆ ఒక్క తేడాకు కన్ను అలవాటు పడితే వారం రోజుల్లో బోర్డులు చదవవచ్చు. అందరూ మెజెస్టిక్ అనే బస్టాండు అసలు పేరు కెంపేగౌడ బస్ నిల్దాణ కాబట్టి, బోర్డు మీద మెజెస్టిక్ కోసం వెతికితే అది కనిపించకపోవచ్చు. నిల్దాణ అంటే స్టేషను, బస్టాండు.

బోర్డు చదివినా అడిగి ఎక్కడమే మంచిది, ఎందుకంటే ఒకే రూటులో సగం దూరం మాత్రమే వెళ్ళి తిరిగివచ్చే బస్సులు కూడా ఉంటాయి. అడగవలసిన మాట ఇది: ‘మారతహళ్ళిగె హోగుత్తా సార్?’ అంటే ‘మారతహళ్ళికి వెళ్తుందా?’ అని. వెళ్ళేదైతే ‘హోగుత్తె, హత్తి’ అంటారు. హత్తి అంటే ఎక్కండి. కన్నడంలో పత్తిని కూడా హత్తి అనే అంటారు గనుక, బస్సు తలుపు దగ్గర నిలబడి కండక్టరు ‘హత్తి హత్తి’ అని అరుస్తుంటే తొలిరోజుల్లో నాకు నవ్వొచ్చేది. వెళ్ళనిదైతే ‘హోగల్ల’ అంటారు. ఆ వెంటనే ‘ఎదురుగడె నిల్లి’ అని కూడా అంటే, మీరు రోడ్డుకు తప్పు వైపున నిలబడ్డారనీ, ఎదుటి వైపుకు వెళ్ళి నిలబడాలనీ అర్థం. కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే కాబట్టి ఆ మాటను చెవిలో వేసుకోండి.

రెండవ అడుగు: టికెట్టు, చిల్లర

కండక్టరు ‘ఎల్లిగె?’ అంటాడు, అంటే ఎక్కడికి అని. ‘మారతహళ్ళి బ్రిడ్జ్, ఒందు కొడి’ అనాలి. ఒందు అంటే ఒకటి, ఎరడు అంటే రెండు, మూరు అంటే మూడు. స్టాపు పేరును పూర్తిగా చెప్పాలి. ఒకే ఊరి పేరు మీద రెండు మూడు స్టాపులు ఉండే చోట ఉత్త ‘మారతహళ్ళి’ అంటే టికెట్టు వస్తుంది గానీ దిగేచోట చిక్కు వస్తుంది.

‘చిల్లరె ఇల్వా?’ అంటే చిల్లర లేదా అని. లేకపోతే ‘ఇల్ల సార్’ అని చెప్పాలి. అప్పుడు కండక్టరు మనకు రావలసిన మొత్తాన్ని టికెట్టు వెనుక పెన్నుతో రాసి, ‘ఇళియోవాగ కొడ్తీని’ అంటాడు. దిగేటప్పుడు ఇస్తానని ఆ మాటకు అర్థం. నేను ఈ మాట అర్థం కాక, అంతా అయిపోయిందనుకుని, వెనుక 80 రూపాయలని రాసి ఉన్న టికెట్టుతోనే ఒకసారి దిగిపోయాను. దిగడానికి రెండు స్టాపుల ముందే టికెట్టు చూపించి ‘సార్, చిల్లరె కొడి’ అని అడగాలి. దిగే స్టాపులో, జనం తోసుకుంటున్నప్పుడు అడిగితే బస్సు కదిలిపోతుంది.

మహిళలు ఒక సంగతి తెలుసుకోవాలి. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద మామూలు బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది, కానీ అది కర్ణాటక వాసులకే. కండక్టరు ‘ఆధార్ తోర్సి’, అంటే చూపించండి అంటే, అందులో కర్ణాటక చిరునామా ఉండాలి. ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ చిరునామా ఉన్నవారు వాదించకుండా ‘టికెట్ కొడి’ అనడమే దారి.

మూడవ అడుగు: ఈ సీటులో ఎవరైనా ఉన్నారా

బస్సు ముందు భాగంలోని సీట్లు మహిళలవి. వాటిమీద ‘మహిళెయరిగె’ అని రాసి ఉంటుంది. ‘హిరియ నాగరికరిగె’ అని ఉంటే వయోవృద్ధులకు అని అర్థం. కన్నడంలో నాగరిక అంటే పౌరుడు. మన అర్థంలో నాగరికులకు ప్రత్యేకంగా సీటు పెట్టారని అనుకోకూడదు.

ఖాళీగా కనిపిస్తున్న సీటు మీద బ్యాగో, తువ్వాలో ఉంటే పక్కన కూర్చున్నవారిని రెండు విధాలుగా అడగవచ్చు. ఒకటి, ‘ఇల్లి యారాద్రూ ఇదారా?’ అంటే ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని. రెండవది, ‘సీట్ ఖాలి ఇదెయా?’ అంటే సీటు ఖాళీగా ఉందా అని. రెండింటి భావమూ ఒకటే గానీ జవాబులు తలకిందులవుతాయి. మొదటి ప్రశ్నకు ‘ఇల్ల’ అంటే ఎవరూ లేరు, కూర్చోవచ్చు. రెండవ ప్రశ్నకు ‘ఇల్ల’ అంటే ఖాళీ లేదు, కూర్చోకూడదు. తెలుగులోనైతే ‘లేరు’, ‘లేదు’ అని క్రియలోనే తేడా తెలిసిపోతుంది. కన్నడంలో మనుషులకూ వస్తువులకూ ఒక్క ‘ఇల్ల’ సరిపోతుంది కాబట్టి, తాను ఏ ప్రశ్న అడిగాడో మరచిపోయిన కొత్తవాడు జవాబును తప్పుగా అర్థం చేసుకుంటాడు. అందుకని రెండింటిలో ఒక్కదాన్నే ఎంచుకుని ఎప్పుడూ దాన్నే వాడండి. నేను మొదటిదాన్ని సిఫారసు చేస్తాను, ఎందుకంటే దానికి ‘ఇల్ల’ తరువాత సాధారణంగా ‘కూత్కొళ్ళి’, అంటే కూర్చోండి, అన్న మాట కూడా వస్తుంది. సీటులో మనిషి ఉంటే ‘ఇదారె’ అంటారు.

ఇక్కడే మరో జాగ్రత్త ఉంది. ‘ఇల్లి’ అంటే ఇక్కడ, ‘ఇల్ల’ అంటే లేదు. ఒకరు సీటును చేత్తో తట్టి ‘ఇల్లి’ అంటే కూర్చోమని పిలుస్తున్నట్టు. చివరి అచ్చు సరిగా వినపడకపోతే మాటను వదిలేసి చేతిని చూడండి.

నాలుగవ అడుగు: తరువాతి స్టాపు ఏది

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. ‘ముందిన స్టాప్ యావుదు?’ అంటే తరువాతి స్టాపు ఏది అని. మన చెవికి ‘ముందిన’ అనగానే ‘ముందటి’ అని వినిపిస్తుంది. తెలుగులో ముందటి రోజు అంటే గడిచిన రోజు. కన్నడంలో ముందిన వార అంటే రాబోయే వారం. గడిచిన దాన్ని వారు హిందిన అంటారు. స్థలం విషయంలో మాత్రం రెండు భాషలూ కలుస్తాయి. ‘ముందె బన్ని’ అంటే ముందుకు రండి, ‘హిందె హోగి’ అంటే వెనక్కి వెళ్ళండి. వరుసలోని స్టాపుల విషయానికి వచ్చేసరికి తెలుగు మనసు వెనక్కి చూస్తే, కన్నడం దారి సాగే వైపుకు చూస్తుంది.

దీని ఫలితాన్ని నేను స్వయంగా అనుభవించాను. చేతిలో సూట్‌కేసుతో వెళ్తూ పక్కాయనను నా స్టాపు గురించి అడిగితే, ఆయన ఎంతో నిదానంగా, నాకు అర్థం కావాలని విడివిడిగా పలుకుతూ, ‘అదు ముందిన స్టాప్’ అన్నాడు. నా స్టాపు దాటిపోయిందనుకుని, అప్పుడే ఆగిన చోట కంగారుగా దూకేశాను. తెలుగులో చెప్పాలంటే ఒక స్టాపు ముందే దిగాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, బస్సు వెళ్ళిపోయింది.

కాబట్టి ఈ పదం మీద అనుమానం ఉన్నంతకాలం కాలాన్ని క్రియతో అడగడం క్షేమం. ‘మారతహళ్ళి బంతా?’ అంటే వచ్చిందా అని. దీనికి మూడు జవాబులు రావచ్చు. ‘బంతు’ అంటే వచ్చింది, వెంటనే లేవాలి. ‘బరుత్తె’ అంటే వస్తుంది, ఇంకా సమయం ఉంది. ‘ఆయ్తు’ అంటే అయిపోయింది, దాటిపోయింది. బంతు, బరుత్తె అన్న రెండింటినీ బస్సు చప్పుడులో విడదీసి వినడం మొదట కష్టమే. రెండవదానిలో మధ్యనున్న ‘రు’ కోసం చెవి ఒగ్గండి.

దూరం ఎంతుందో తెలియాలంటే ‘ఇన్నూ ఎష్టు స్టాప్ ఇదె?’ అనాలి, ఇంకా ఎన్ని స్టాపులున్నాయని అర్థం. తెలియని రూటులో వీటన్నిటి కంటే మేలైనది ఎక్కగానే కండక్టరుకో పక్కవారికో ‘మారతహళ్ళి బంద్రె హేళి’ అని చెప్పి ఉంచడం. వస్తే చెప్పండి అని దాని భావం. ఈ కోరికను కండక్టరు మరచిపోవచ్చు, ఆయనకు డెబ్బైమంది ప్రయాణికులుంటారు. పక్కవారు మరచిపోవడం అరుదు. కానీ పక్కవారు మీకంటే ముందు దిగిపోయేవారైతే ప్రయోజనం లేదు కాబట్టి, ‘నీవు ఎల్లి ఇళీతీరా?’ అని, అంటే మీరెక్కడ దిగుతారని, ముందే అడిగి తెలుసుకోండి.

మెట్రోలో ఈ ఇబ్బంది తక్కువ, ప్రకటన ఇంగ్లీషులోనూ వస్తుంది. కన్నడ ప్రకటన ‘ముందిన నిల్దాణ’ అని మొదలవుతుంది. నాలుగు రోజులు దాన్ని వింటూ పోతే ముందిన అన్న మాట సరైన అర్థంతో దానంతట అదే నాటుకుంటుంది. బాగిలు అంటే తలుపు, ఎడ అంటే ఎడమ, బల అంటే కుడి. ‘బల’ వినగానే బలం గుర్తొచ్చే మనకు ఈ చివరిది అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది.

ఐదవ అడుగు: దిగడం

దిగడం స్టాపులో మొదలుకాదు, దానికి ఒకటి రెండు స్టాపుల ముందు మొదలవుతుంది. కిక్కిరిసిన బస్సులో తలుపు వైపు కదులుతూ, అడ్డుగా ఉన్న ప్రతి మనిషినీ ‘ఇళీతీరా?’ అని అడగడం అక్కడి పద్ధతి. మన సిటీ బస్సుల్లో ‘దిగుతారా?’ అని అడిగినట్టే ఇదీ. ఆ మనిషి ‘హౌదు’ అంటే తానూ దిగుతున్నాడు, అతని వెనుకే నిలబడితే చాలు. ‘ఇల్ల’ అంటే దిగడు. అప్పుడు ‘స్వల్ప జాగ బిడి’, కాస్త చోటివ్వండి అనాలి. ‘నాను ఇళీబేకు’ అంటే నేను దిగాలి అని కారణం చెప్పినట్టు. నేరుగా ‘జాగ బిడి’తో మొదలుపెట్టకుండా ‘ఇళీతీరా?’తో మొదలుపెట్టడంలో ఒక మర్యాద ఉంది. అవతలివాడు కూడా దిగేవాడే అయితే మనం తోసినట్టు కాదు, దిగనివాడైతే అడక్కముందే జరగడానికి అతనికి అవకాశమిచ్చినట్టు అవుతుంది.

ఇదే ప్రశ్నను మిమ్మల్ని కూడా అడుగుతారు. వెనుక నుంచి ఎవరో ‘ఇళీతీరా?’ అన్నప్పుడు అర్థం కాక నవ్వి ఊరుకుంటే, మీరు దిగుతున్నారనుకుని వారు మీ వెనుకే ఆగిపోతారు. స్టాపు దాటిన తరువాత వచ్చే కోపమంతా మీ మీదే. దిగేది ఉంటే ‘హౌదు’ అనండి, లేకపోతే ‘ఇల్ల’ అని పక్కకు జరగండి.

‘ఇళియోరు ముందె బన్ని’ అని కండక్టరు కేకవేస్తే దిగేవారు ముందుకు రావాలని అర్థం. ఆపమనడానికి ‘హోల్డాన్’, కదలమనడానికి ‘రైట్ రైట్’ అని వినిపిస్తుంది. మీరు ఇంకా లోపలే ఉండగా ‘రైట్’ వినిపిస్తే సిగ్గుపడకుండా గట్టిగా ‘ఇళియోరు ఇదారె!’ అనండి, అంటే దిగేవారు ఉన్నారు అని. దీని తరువాత ‘నిల్సి!’ అంటే మరీ మంచిది. ఇక్కడ గొంతు పెంచడం అమర్యాద కాదు. నిజానికి మీ చుట్టూ ఉన్న నలుగురైదుగురు మీ తరఫున అదే మాటను మళ్ళీ అరుస్తారు. బస్సు కదులుతుండగా మాత్రం దూకవద్దు. తరువాతి స్టాపులో దిగి ఎదుటి వైపు నుంచి వెనక్కి రావడానికి అయ్యే ఖర్చు ఒక్క టికెట్టే.

ఒక ప్రయాణం మొదటి నుంచి చివరిదాకా

తెల్లవారుజామున హెబ్బాళలో దిగి, ఔటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డ్ వైపు వెళ్ళే 500డి బస్సులో మారతహళ్ళి వెళ్తున్నారనుకుందాం. బస్సు ఆగగానే ‘మారతహళ్ళి బ్రిడ్జ్‌గె హోగుత్తా సార్?’ అంటారు. ‘హోగుత్తె, హత్తి హత్తి’ అని జవాబు. లోపల కిటికీ పక్కన కూర్చున్నాయన బ్యాగును పక్క సీటులో పెట్టి ఉంచాడు. ‘ఇల్లి యారాద్రూ ఇదారా?’ అంటే, ఆయన ‘ఇల్ల ఇల్ల, కూత్కొళ్ళి’ అని బ్యాగు తీసుకుంటాడు. కండక్టరు వచ్చి ‘ఎల్లిగె?’ అంటే ‘మారతహళ్ళి బ్రిడ్జ్, ఒందు కొడి’ అంటారు. మీ చేతిలో ఉన్నది పెద్ద నోటు. ఆయన టికెట్టు వెనుక అంకె రాసి, ‘ఇళియోవాగ కొడ్తీని’ అంటాడు. ఇప్పుడు పక్కాయనతో ‘మారతహళ్ళి బంద్రె హేళి’ అంటారు. ‘నాను టిన్ ఫ్యాక్టరీ ఇళీతీని’ అని ఆయన అంటే, తాను ముందే దిగిపోతానని చెప్పినట్టు. ఆయన మీద ఆధారపడి లాభం లేదు.

నాగవార, హెణ్ణూరు, రామమూర్తినగర దాటి టిన్ ఫ్యాక్టరీ వచ్చేసరికి సగం బస్సు ఖాళీ అయి, అంతకు రెట్టింపు నిండుతుంది. ఇక్కడ కొత్తగా పక్కన కూర్చున్నావిడను ‘అక్క, మారతహళ్ళిగె ఇన్నూ ఎష్టు స్టాప్ ఇదె?’ అని అడగాలి. మహదేవపుర దాటగానే లేచి, కండక్టరుకు టికెట్టు చూపి ‘సార్, చిల్లరె కొడి’ అనాలి. అది చేతికందాక తలుపు వైపు కదులుతూ ‘ఇళీతీరా?’, ‘ఇల్ల’, ‘స్వల్ప జాగ బిడి’ అని ముగ్గురు నలుగురిని దాటాలి. మెట్టు దగ్గర నిలబడ్డ కుర్రవాణ్ణి ‘బ్రిడ్జ్ బంతా?’ అంటే, అతను ఫోనులోంచి తల ఎత్తకుండానే ‘ముందిన స్టాప్’ అంటాడు. ఈసారి దూకకుండా, కడ్డీ పట్టుకుని, తరువాతి స్టాపు కోసం నిలబడతారు.

మాట అందకపోతే

అవతలివారి జవాబు వేగంగా వచ్చి అర్థం కాకపోతే ‘స్వల్ప నిధానవాగి హేళి’, కాస్త నెమ్మదిగా చెప్పండి అనవచ్చు. అప్పటికీ తెలియకపోతే ‘కన్నడ స్వల్ప స్వల్ప బరుత్తె. నిమగె తెలుగు బరుత్తా?’ అని అడగండి. బస్సు రావడానికి వాడిన ‘బరుత్తె’నే భాష రావడానికి కూడా వాడతారు, మనకు ‘తెలుగు వచ్చా’ అన్నట్టే. మొదటి మాటే తెలుగులో మొదలుపెట్టి అవతలివారికి అది రావాలని ఆశించడానికీ, కన్నడంలో నాలుగు మాటలు పలికి, తడబడి, ఆ పైన తెలుగు అడగడానికీ ఎదుటి ముఖంలో స్పష్టంగా తేడా కనిపిస్తుంది. కోలారు, చిక్కబళ్ళాపుర వైపు నుంచి వచ్చిన కండక్టరు అయితే, మీరు ‘స్వల్ప’ అనేసరికే యాస పట్టేసి, ‘యాడికి పోవల్ల?’ అని తానే తెలుగులోకి దిగుతాడు.